ఓనర్ దాకా వెళ్లాల్సిన మెయిల్

ఆఫీసు భవనాల్లో ఫెసిలిటీ మేనేజర్‌కి ఫోన్ చేయనివాళ్లు ఉండరు, ఆయన్ని తిట్టుకోనివాళ్లూ ఉండరు. ఇంతా చేసి ఆయన సొంతంగా ఖర్చుపెట్టగలిగే డబ్బు చాలా తక్కువ. లైటు పోతే మార్పిస్తాడు, కుళాయి కారితే ప్లంబర్‌ని పంపుతాడు, నీళ్లు కారితే మాప్ పట్టుకున్న కుర్రాణ్ణి తోలుతాడు. వీటికి ఎవర్నీ అడగక్కర్లేదు. ఫాల్స్ సీలింగ్ విప్పి పైపు మళ్లీ వేయాలంటే మాత్రం కొటేషన్ తెప్పించాలి, దాన్ని పై ఆఫీసుకి పంపాలి, అక్కణ్ణించి అది ఓనర్‌కి వెళ్లాలి, ఆయన సరే అనాలి. కాబట్టి ప్రతిసారీ తన చేతిలో ఉన్న పని చేసి, తన చేతిలో లేనిదాన్ని అలాగే వదిలేస్తాడు. ఒకే రిపేరు నెలకోసారి, రెండు వారాలకోసారి తిరిగి రావడానికి సగం కారణం ఇదే. మనిషి బద్ధకస్తుడని మనం అనుకుంటాం గానీ, చాలాసార్లు ఆయనకి పై నుంచి డబ్బు మంజూరు కాలేదంతే.

ఈ సంగతి తెలిస్తే మనం రాసే ఫిర్యాదు మెయిల్ తీరు మారిపోతుంది. ఆయన మీద కోపం తీర్చుకునే మెయిల్‌ని ఆయన ఎవరికీ చూపించడు, తన పరువు పోతుంది కాబట్టి. అదే మెయిల్ చదవగానే ‘దీన్ని ఇలాగే సార్‌కి పంపిస్తే కొటేషన్ పాసవుతుంది’ అనిపిస్తే వెంటనే ఫార్వర్డ్ చేస్తాడు. అద్దెకున్నవాళ్లు గట్టిగానూ మర్యాదగానూ రాయాలని పెద్దలు చెప్పేది మంచితనం కోసమేనని నేననుకోను. మనం రాసింది ఎవరెవరి చేతుల్లోకి వెళ్తుందో మనకి తెలీదు. ఓనర్ చదవొచ్చు, ఆయన ఆడిటర్ చదవొచ్చు, వ్యవహారం ముదిరితే ఇద్దరి వకీళ్లూ చదువుతారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ మాదాపూర్‌లో ఐదంతస్తుల భవనం, మూడో అంతస్తులో నలభై మంది పనిచేసే అకౌంట్స్ ఆఫీసు. కాన్ఫరెన్స్ గదికీ పక్కన కూర్చునే అకౌంట్స్ టీమ్‌కీ కలిపి ఫాల్స్ సీలింగ్ పైన ఒక డక్టబుల్ ఏసీ ఉంది. జూన్‌లో వానలు మొదలయ్యాక దాని కింద టైలు మీద టీ రంగు మరక కనబడింది. తర్వాత చుక్కలు పడ్డాయి. అడ్మిన్ చూసుకునే ఆవిడ వాట్సాప్‌లో ఫోటో పెట్టింది. మర్నాడు పది గంటలకి మనిషి వచ్చాడు, నిచ్చెన వేసుకుని పైకి చూశాడు, “ఇప్పుడేం కారట్లేదు కదా మేడమ్” అన్నాడు. టైలు మార్చి, నేల తుడిచి వెళ్లిపోయాడు. రెండు వారాలకి మళ్లీ అదే. ఇలా జూలై నెలాఖరుకి ఐదుసార్లయింది.

మనిషి వచ్చిన ప్రతిసారీ ఎందుకు కారట్లేదు? ఈ ప్రశ్నకి జవాబు దొరికితే మెయిల్‌లో ఏం అడగాలో తెలుస్తుంది. అందుకని కాసేపు సీలింగ్ పైకి వెళ్దాం.

ఏసీ గదిని చల్లబరుస్తూ గాల్లోని తేమని నీళ్లుగా తీసేస్తుంది. వానాకాలపు తేమలో ఒక టన్ను ఏసీ గంటకి సుమారు ఒక లీటరు, ఒక్కోసారి ఒకటిన్నర లీటర్ల దాకా నీళ్లు దించుతుంది. ఎనిమిదిన్నర టన్నుల డక్టబుల్ యూనిట్ తొమ్మిది గంటలు నడిస్తే నాలుగైదు బకెట్ల నీళ్లన్నమాట. ఆ నీళ్లన్నీ కాయిల్ కింద ఉన్న ట్రేలో పడి, అక్కడి నుంచి డ్రెయిన్ పైపులో జారి బయటికి పోవాలి. పైపుకి మీటరుకి కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉండాలి. సీలింగ్ పనివాళ్లు లైట్ల కోసమో కేబుల్ కోసమో పైపుని కాస్త పైకి జరిపి కట్టేస్తే చాలు, ఆ వాలు పోతుంది. మధ్యలో నీళ్లు నిలుస్తాయి, దుమ్ము కలిసి జిగురు పాచి కడుతుంది.

ఇంకో కీలకం ట్రాప్. సింక్ కింద పైపు వంకర తిరిగి ఉంటుందే, అలాంటి వంపే ఏసీ డ్రెయిన్‌కీ ఉండాలి. చాలా యూనిట్లలో ఫ్యాన్ కాయిల్ వెనక ఉండి గాలిని లోపలికి లాగుతుంది. వంపులో నిలిచిన నీరు ఆ లాగుడికి అడ్డుపడుతుంది. వంపు లేకపోతే ఫ్యాన్ డ్రెయిన్ పైపులోంచి కూడా గాలి లాగేస్తుంది. అప్పుడు ట్రేలో నీళ్లు కిందికి జారలేక అక్కడే ఆగిపోతాయి. సాయంత్రం ఏసీ ఆపగానే ఆగిన నీళ్లన్నీ ఒక్కసారిగా పైపులోకి దూకుతాయి. పైపులో పాచి ఉంటే దారి చాలదు, ట్రే అంచు దాటి టైలు మీద పడతాయి.

అంటే ఈ లీకు ఏసీ ఆపిన పావుగంటకీ అరగంటకీ మొదలవుతుంది. మర్నాడు పది గంటలకి ఏసీ నడుస్తున్నప్పుడు వచ్చిన మనిషికి ఏమీ కనబడదు. ఆయన అబద్ధం చెప్పలేదు, అడ్మిన్ ఆవిడా అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ వేర్వేరు వేళల్లో చూశారంతే.

ఇదంతా అద్దెకున్న ఆఫీసువాళ్లకి తెలియాలా అంటే, అక్కర్లేదు. వాళ్లు చేయాల్సిందల్లా ప్రతిసారీ ఎన్ని గంటలకి కారిందో, అప్పుడు ఏసీ నడుస్తోందో ఆగి ఉందో రాసుకోవడం. ఐదు లీకులూ సాయంత్రం ఏసీ ఆపాకే మొదలయ్యాయని కాగితం మీద ఉంటే, పనితెలిసిన టెక్నీషియన్ నిచ్చెన ఎక్కకముందే ట్రాప్ గురించి ఆలోచిస్తాడు. ‘ఎప్పుడూ కారుతూనే ఉంది’ అని రాస్తే ఆయనకి ఏ ఆధారమూ దొరకదు. పైగా ‘ఎప్పుడూ’ అన్న మాటని అవతలివాళ్లు ఒక్క ఫోటోతో కొట్టిపారేయగలరు.

మెయిల్ మొదలుపెట్టే ముందు లీజు డీడ్ తీసి చూడాలి. చాలామంది సంతకం పెట్టిన రోజు తర్వాత దాని మొహం చూడరు. చూడాల్సింది ముఖ్యంగా రెండు చోట్ల. మొదటిది మరమ్మతుల క్లాజు. భవనం గోడలు, పైకప్పు, లిఫ్టు, జనరేటర్, ఉమ్మడి పైపులు ఓనర్‌వి అనీ, లోపలి చిన్నచిన్న రిపేర్లు అద్దెదారువి అనీ సాధారణంగా ఉంటుంది. ఏసీ విషయంలోనే తిరకాసు. కొన్ని భవనాల్లో చల్లదనం తయారుచేసే పెద్ద యంత్రం వరకే ఓనర్ ఇస్తాడు, డక్టులూ లోపలి యూనిట్లూ అద్దెదారే పెట్టుకోవాలి. ఈ వ్యాపారంలో మొదటిదాన్ని హై సైడ్ అనీ రెండోదాన్ని లో సైడ్ అనీ అంటారు. పూర్తిగా ఫర్నిష్ చేసి ఇచ్చిన చోట రెండూ ఓనర్‌వే. లీజు చివరి షెడ్యూల్‌లో ఆ డక్టబుల్ యూనిట్ ఓనర్ సామాన్ల జాబితాలో ఉందో లేదో చూసుకోకుండా గట్టి మెయిల్ రాస్తే, ‘అది మీదేనండీ’ అని ఒక్క వాక్యంలో జవాబు వస్తుంది. మన ఉదాహరణలో అది ఓనర్ జాబితాలోనే ఉంది అనుకుందాం.

రెండోది నోటీసుల క్లాజు. నోటీసు ఏ అడ్రసుకి, ఎవరి పేరున, ఏ విధంగా పంపాలో అందులో ఉంటుంది. మెయిల్ చెల్లుతుందని ఉంటే మంచిదే. పోస్టులోనే పంపాలని ఉంటే, మెయిల్‌తో పాటు అదే ఉత్తరాన్ని పోస్టులోనూ పంపి రసీదు దాచుకోవాలి.

ఇక చట్టం. ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. అందులో 108వ సెక్షన్ ఓనర్‌కీ అద్దెదారుకీ మధ్య హక్కులూ బాధ్యతలూ చెబుతుంది. దాని ఎఫ్ క్లాజు ప్రకారం, ఓనర్ తాను చేయాల్సిన మరమ్మతుని నోటీసు అందిన తర్వాత తగిన సమయంలో చేయకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చుని వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. వినడానికి బాగుంది గానీ ఇందులో రెండు మెలికలున్నాయి. ‘తాను చేయాల్సిన’ అంటే ఆ బాధ్యత ఓనర్ మీద ఉండాలి, అది ఎక్కువగా మీ లీజే చెప్పాలి. రెండో మెలిక, ఈ సెక్షన్ మొత్తం లీజులో వేరేగా రాసుకోని చోట మాత్రమే వర్తిస్తుంది. వాణిజ్య లీజుల్లో ‘ఏ కారణంతోనూ అద్దెలో కోత పెట్టరాదు’ అన్న లైను ఉండడం మామూలే. అది ఉంటే ఈ మినహాయింపు హక్కుని నమ్ముకోకూడదు, ముందు వకీలుని అడగాలి.

అయినా ఆ క్లాజులో మనకి పనికొచ్చే మాట ఒకటుంది. నోటీసు అందిన తర్వాత తగిన సమయం. అంటే గడియారం నోటీసుతో మొదలవుతుంది. ఫోన్లో చెప్పినవి, లిఫ్టు దగ్గర కనబడినప్పుడు అన్నవి, వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్‌ల మధ్య కొట్టుకుపోయిన ఫోటోలు ఆ గడియారాన్ని గట్టిగా మొదలుపెట్టవు. తేదీ, స్థలం, జరిగిందేమిటో ఉన్న మెయిల్ మొదలుపెడుతుంది.

ఇదే ఆఫీసులో మొదట తయారైన డ్రాఫ్ట్ ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు. ఐదోసారి నీళ్లు పడి ఒక లాప్‌టాప్ తడిసిన రాత్రి ఎవరైనా ఇలాగే రాస్తారు.

‘ఎన్నిసార్లు చెప్పినా మీకు చీమ కుట్టినట్టు కూడా లేదు. నెలనెలా మెయింటెనెన్స్ డబ్బులు మాత్రం ముక్కు పిండి వసూలు చేస్తారు. మీ టెక్నీషియన్‌కి పని రాదు. ఇక ఈ నెల అద్దె ఆపేస్తాం. అలాగే టాయిలెట్ ఫ్లష్, పార్కింగ్‌లో లైట్లు, సెక్యూరిటీ మాట తీరు గురించి కూడా...’

ఇందులో అబద్ధం ఒక్కటీ లేకపోవచ్చు. కానీ ఓనర్ కళ్లతో చదివి చూడండి. ఆయనకి ఎక్కడ కారుతోందో, ఎన్నిసార్లు కారిందో తెలీదు. కనబడేది ఒక్కటే, అద్దె ఆపేస్తామన్న మాట. ఆయన జవాబంతా దాని మీదే ఉంటుంది, లీకు పక్కకి పోతుంది. అద్దె నిజంగా ఆపితే ఇంకా ప్రమాదం. అప్పటిదాకా తప్పు ఆయన వైపు ఉంది. ఆ రోజు నుంచి లీజు ఉల్లంఘించినవాళ్లు మీరవుతారు, డిపాజిట్ ఆయన చేతిలో ఉంది. ఫ్లషూ, పార్కింగ్ లైట్లూ కలపడం వల్ల ఫెసిలిటీ మేనేజర్‌కి ఒక వరం దొరుకుతుంది. లైట్లు మార్చేసి, ‘మీ మెయిల్‌లోని అంశాలు పరిష్కరించాం’ అని రాస్తాడు. ఒక మెయిల్‌కి ఒక్క రోగమే ఉండాలి. ఫ్లష్ సంగతి రేపు వేరే మెయిల్‌లో రాసుకోవచ్చు.

అదే ఆవిడ మర్నాడు పొద్దున తాపీగా రాస్తే మెయిల్ ఇలా ఉంటుంది. హైదరాబాద్ ఆఫీసుల్లో ఇవి ఎక్కువగా ఇంగ్లీషులో వెళ్తాయి, విజయవాడలోనో వరంగల్‌లోనో సొంత భవనం అద్దెకిచ్చిన పెద్దాయనకి తెలుగే హాయి. ఏ భాషలో రాసినా వరస ఇదే.

‘విషయం: మూడో అంతస్తు కాన్ఫరెన్స్ గది, ఏసీ నీటి లీకు, జూన్ 9 నుంచి ఐదోసారి, శాశ్వత మరమ్మతు కోరుతూ

ఫెసిలిటీ మేనేజర్ గారికి, నమస్కారం.

నిన్న, జూలై 29 సాయంత్రం 6.50కి మా కాన్ఫరెన్స్ గది తలుపు దగ్గర సీలింగ్‌లోంచి మళ్లీ నీళ్లు కారాయి. ఇదే చోట జూన్ 9, జూన్ 23, జూలై 4, జూలై 16 తేదీల్లోనూ కారాయి. అన్నిసార్లూ సాయంత్రం 6.30కి ఏసీ ఆపిన అరగంటలోపే లీకు మొదలైంది. ఫోటోలు, నిన్నటి వీడియో జతపరిచాను.

మేము చెప్పిన ప్రతిసారీ మీరు మర్నాడే మనిషిని పంపారు, అందుకు కృతజ్ఞతలు. ఆయన టైలు మార్చి, నేల శుభ్రం చేసి వెళ్లారు. అయితే లీకు కారణం ఇంకా దొరకలేదని మా అభిప్రాయం.

నిన్నటి లీకులో ఒక లాప్‌టాప్ తడిసింది. దాని కింద ఉన్న నాలుగు సీట్లు ఖాళీ చేయించాం. ఆ పక్కనే ఫ్లోర్ మీద కరెంటు పాయింట్లు ఉన్నాయి కాబట్టి వాటిని ఆపి ఉంచాం.

ఈ యూనిట్ లీజు రెండో షెడ్యూల్‌లో భవన యజమాని పరికరాల్లో ఉంది. దాని నిర్వహణ 9.2 క్లాజు ప్రకారం యజమాని బాధ్యత. జూన్ నెల మెయింటెనెన్స్ బిల్లు జూలై 5న చెల్లించాం.

మా అభ్యర్థన రెండు. ఆగస్టు 6 లోపు ఏసీ టెక్నీషియన్‌ని సాయంత్రం 6.15కి పంపండి, ఏసీ ఆపేటప్పుడు దగ్గరుండి చూస్తే కారణం తెలుస్తుంది. ఆయన ఏం కనిపెట్టారో రెండు వాక్యాలు మెయిల్‌లో రాయండి. ఆగస్టు 14 లోపు మరమ్మతు పూర్తి చేయించండి. సీలింగ్ విప్పాల్సి వస్తే శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా ఆఫీసు ఖాళీగా ఉంటుంది, మా మనిషి తాళాలతో అక్కడే ఉంటారు.

దీనికి యజమాని అనుమతి అవసరమైతే ఈ మెయిల్‌ని వారికి పంపగలరు. ఆగస్టు 14కి పని పూర్తి కాకపోతే, లీజు ప్రకారం వారికి నేరుగా నోటీసు పంపాల్సి వస్తుంది. ఆ అవసరం రాకుండా మీరు చూస్తారని నమ్ముతున్నాను.

ఇట్లు, అడ్మినిస్ట్రేషన్, మూడో అంతస్తు’

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది ‘మర్నాడే మనిషిని పంపారు, అందుకు కృతజ్ఞతలు’ అన్న ముక్క. చదవడానికి ఒట్టి మర్యాదలా ఉంటుంది. జాగ్రత్తగా చూస్తే మెయిల్ మొత్తంలో బరువైన సాక్ష్యం అదే. ప్రతిసారీ వాళ్లకి కబురు అందింది, వాళ్ల మనిషి వచ్చి చూశాడు, అయినా లీకు ఆగలేదు. ఈ మూడూ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. కృతజ్ఞత చెబితే ఎవరూ ఖండించరు. ఖండించనంతవరకూ వాళ్లు ఒప్పుకున్నట్టే. పైగా ఫెసిలిటీ మేనేజర్ దాన్ని సంతోషంగా పైకి పంపుతాడు, తను చేయాల్సింది చేశానని అందులో ఉంది మరి.

విషయం లైను కూడా చిన్నదేం కాదు. ‘అర్జెంట్’, ‘తీవ్ర అసంతృప్తి’ లాంటి మాటలు రోజుకి యాభై మెయిళ్లలో వస్తాయి. చోటు, రోగం, ఎన్నోసారి అన్నవి ఉంటే, ఆర్నెల్ల తర్వాత వెతికినా దొరుకుతుంది. ఫార్వర్డ్ అయినప్పుడు ఓనర్ మెయిల్ తెరవకముందే సగం చదివేసినట్టే.

గడువు తేదీల దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. ‘24 గంటల్లో’ అని రాయడం బాగానే ఉంటుంది. కానీ ఈ పనికి టెక్నీషియన్ రావాలి, కారణం చూడాలి, కొటేషన్ రావాలి, ఓనర్ ఒప్పుకోవాలి, సెలవు రోజున సీలింగ్ విప్పాలి. అసాధ్యమైన గడువు దాటిపోతే దానికి విలువ ఉండదు, మీ తర్వాతి గడువుకీ ఉండదు. అందుకే పైన చూడడానికి వారం, చేయడానికి ఇంకో వారం. ‘వీలైనంత త్వరగా’ అన్న మాట మాత్రం అసలు వాడొద్దు. వాళ్ల వీలు ఎప్పుడు కుదురుతుందో వాళ్లే చెబుతారు. అలాగే తాళాలు, శనివారం, దగ్గరుండే మనిషి, ఇవన్నీ ముందే రాయడం వల్ల ‘మీరు ఆఫీసు ఇవ్వలేదు కాబట్టి పని ఆలస్యమైంది’ అన్న జవాబుకి చోటుండదు.

కారణం మీరే తేల్చి చెప్పకపోవడం కూడా మంచిదే. ‘ట్రాప్ లేదు, పెట్టండి’ అని రాశారనుకోండి, వాళ్లు ట్రాప్ పెట్టాక కూడా కారితే ‘మీరడిగిందే చేశాం’ అంటారు. లక్షణాలు మీరు చెప్పండి, రోగం వాళ్లు చెప్పాలి, అదీ రాతలో.

ఒక్క మినహాయింపు మరిచిపోకూడదు. నీళ్లు కరెంటు బోర్డు మీద పడుతున్నా, లిఫ్టులో మనిషి ఇరుక్కున్నా, వైరు కాలిన వాసన వస్తున్నా మెయిల్ రాస్తూ కూర్చునే వేళ కాదు. ముందు ఆ సర్క్యూట్ ఎంసీబీ దించాలి, ఫోన్ చేయాలి, మనుషుల్ని అక్కడి నుంచి జరపాలి. అన్నీ సర్దుకున్నాక, ‘ఇందాక 7.05కి ఫోన్‌లో చెప్పినట్టు’ అంటూ అదే విషయాన్ని మెయిల్‌లో రాయాలి. నిజానికి మామూలు ఫోన్లకీ ఇదే పద్ధతి మేలు. ఫెసిలిటీ మేనేజర్ ఫోన్‌లో ‘రేపు చూస్తాం సర్’ అంటే, పది నిమిషాల్లో ‘రేపు చూస్తామన్నారు, ఎదురుచూస్తుంటాం’ అని అదే మెయిల్ వరసలో ఒక్క లైను పెట్టేయాలి. అందులో వేడి ఏమీ ఉండదు, తేదీ ఉంటుంది.

ఫోటోల గురించి ఒక చిన్న మాట. మరక ఒక్కటే దగ్గరగా తీస్తే ఆ మరక ఏ గదిదో ఎవరికీ తెలీదు. ఒకటి దూరం నుంచి, తలుపూ సీలింగూ కలిసి కనబడేలా తీయాలి, ఇంకొకటి దగ్గర్నుంచి. వీడియో ఇరవై సెకన్లు చాలు, ఏసీ ఆపిన స్విచ్చి నుంచి చుక్క పడే చోటుకి తిప్పితే అంతకంటే వివరణ అక్కర్లేదు. జీమెయిల్‌లో జతపరిచే ఫైళ్లు మొత్తం 25 ఎంబీ దాటకూడదు కాబట్టి వీడియో చిన్నదిగా ఉండడమే మేలు. అసలు ఫైళ్లూ, అసలు మెయిళ్లూ తీసేయకుండా ఉంచుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డుని కోర్టులో చూపాలంటే దాంతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. స్క్రీన్‌షాట్లు మాత్రమే మిగిలినవాళ్లకి అక్కడ ఇబ్బంది. చాలా వ్యవహారాలు అంతదూరం వెళ్లవు, వెళ్తాయేమోనన్న ఎరుకతో దాచుకోవడానికి ఖర్చేమీ లేదు కదా.

మెయిల్ పంపాక వచ్చే జవాబు చాలాసార్లు ఒక్క ముక్కే ఉంటుంది. ‘నోటెడ్, అవసరమైన చర్య తీసుకుంటాం.’ దీనికి కోపం తెచ్చుకోనక్కర్లేదు, సంతోషపడనూ అక్కర్లేదు. ఆ చర్యేమిటో, ఎప్పుడో అందులో లేవు. ‘ధన్యవాదాలు. టెక్నీషియన్ ఏ రోజు వస్తారో రేపటిలోగా తెలియజేస్తే మా మనిషిని ఉంచుతాం’ అని తిప్పి రాయాలి. ఆగస్టు 6 దాటినా ఎవరూ రాకపోతే, అదే వరసలో ఓనర్‌ని కూడా చేర్చి మూడు వాక్యాలు రాస్తే చాలు. కొత్త మెయిల్ మొదలుపెట్టకూడదు, పాత వరస పోతుంది. ఓనర్‌ని మొదటిరోజే చేర్చాలా అని కొందరు అడుగుతారు. నేనైతే చేర్చను. మొదటిసారే పైవాళ్లకి పెడితే ఫెసిలిటీ మేనేజర్‌కి మనం శత్రువులమైపోతాం, తర్వాత ప్రతి చిన్నపనికీ ఆయనే కావాలి. ఆగస్టు 14 కూడా దాటితే అప్పుడు నోటీసుల క్లాజులో ఉన్న అడ్రసుకి, అక్కడ చెప్పిన విధంగా, ఈ మెయిళ్లన్నీ ప్రింటు తీసి జతచేసి పంపాలి. మెయిల్‌లో వస్తుందని రాసిన నోటీసు నిజంగా రావాలి, లేకపోతే రాయకుండా ఉండాల్సింది.

మన కథలో అంతదూరం రాలేదు అనుకుందాం. ఆగస్టు 5 సాయంత్రం టెక్నీషియన్ వచ్చి ఏసీ ఆపించి చూశాడు. ట్రే నిండా నీళ్లు ఉన్నాయి, డ్రెయిన్‌కి ట్రాప్ లేదు, రెండు మీటర్ల పైపు వాలు అటు కాక ఇటు ఉంది. ఇదంతా ఆయన రెండు వాక్యాల్లో రాసిచ్చాడు, ఫెసిలిటీ మేనేజర్ దాన్నీ మన మెయిల్‌నీ కలిపి ఓనర్‌కి పంపాడు, కొటేషన్ పాసయింది, శనివారం సీలింగ్ విప్పి పైపు మార్చారు. ఇప్పుడు అడ్మిన్ ఆవిడకి మిగిలిన పని ఇంకో చిన్న మెయిల్. ‘ఆగస్టు 9న డ్రెయిన్ పైపు మార్చి, ట్రాప్ అమర్చారు, ధన్యవాదాలు. సెప్టెంబరు నెలాఖరు దాకా, వానలు తగ్గేవరకూ, వారానికోసారి సాయంత్రం ఏసీ ఆపాక మేమే చూస్తుంటాం. ఈలోపు మళ్లీ కారితే కొత్త ఫిర్యాదుగా కాక ఈ వరసలోనే ఆరోసారిగా రాస్తాం. తడిసిన లాప్‌టాప్ రిపేరు బిల్లు విషయం వేరే మెయిల్‌లో పంపుతున్నాను.’